సి షార్ప్ డిమినిష్డ్ ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుంది?

ప్రశ్న: నమస్తే సార్. నాలుగేళ్లుగా కీబోర్డ్ నేర్చుకుంటున్నాను. ఇప్పుడు వెస్టర్న్ థియరీ గ్రేడ్ పరీక్ష కోసం హార్మనీ చదువుతున్నాను. సి మేజర్‌కీ డి మైనర్‌కీ మధ్య సి షార్ప్ డిమినిష్డ్ వేస్తే బాగుంటుందని ఒక వీడియోలో చూసి వేశాను, బాగానే ఉంది. అదే నాలుగు గొంతులకి రాసిస్తే మాస్టారు సగం నోట్స్ చుట్టూ ఎర్ర గీతలు పెట్టారు. ఆగ్మెంటెడ్ అయితే ఎక్కడ వేసినా దెయ్యం సినిమాలా వినిపిస్తోంది. వీటిని పాసింగ్ కార్డ్స్ అంటారు కదా, మరి ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి?

జవాబు:

మీ కాగితం నేను చూడలేదు గానీ, మొదటి ఎర్ర గీత ఎక్కడ పడి ఉంటుందో ఊహించగలను. కీబోర్డ్‌కి అలవాటు పడ్డ వాళ్లు ఎడమ చేత్తో సి షార్ప్ నొక్కి, కుడి చేత్తో మళ్లీ సి షార్ప్‌తో మొదలయ్యే కార్డ్ మొత్తం పట్టుకుంటారు. వాయిస్తున్నప్పుడు అందులో తప్పేమీ వినిపించదు. కాగితం మీద నాలుగు గొంతులకి పంచేసరికి మాత్రం చిక్కు వస్తుంది. సి షార్ప్ అనేది డి కి పోవాలని తొందరపడే స్వరం. అది రెండు గొంతుల్లో ఉంటే ఇద్దరూ కలిసి డి కే పోతారు. నలుగురు పాడాల్సిన చోట ముగ్గురే మిగిలినట్టు వినిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒక చర్చి క్వాయర్‌కి నాలుగు గొంతుల పాటలు రాస్తున్నాను, మొదట్లో నేనూ సరిగ్గా ఇదే చేసేవాణ్ణి.

కాబట్టి కార్డ్‌ని చేతి ఆకారంగా చూడటం కాసేపు పక్కన పెట్టి, నలుగురు మనుషులు నడుస్తున్నట్టు ఊహించుకోండి. ఇక్కడ ‘మెట్టు’ అన్న మాటని హార్మోనియం వాళ్లు వాడే అర్థంలోనే వాడతాను. నల్లవి, తెల్లవి అన్నీ కలిపి లెక్కపెడితే పక్కనున్న కీ ఒక మెట్టు దూరం.

ముందు సులువైన నడక ఒకటి చూద్దాం. అందరూ సి మేజర్ కార్డ్ మీద ఉన్నారు. బేస్ సి, టెనర్ సి, ఆల్టో జి, సొప్రానో ఇ. బేస్ సి నుంచి డి మీదుగా ఇ కి ఎక్కాలనుకున్నాడు. అదే సమయంలో సొప్రానో ఇ నుంచి డి మీదుగా సి కి దిగుతోంది. ఒకరు ఎక్కుతున్నారు, ఒకరు దిగుతున్నారు, చివరికి ఇద్దరూ స్వరాలు మార్చుకుంటారు. మధ్యలో ఇద్దరూ డి మీద ఉంటారు. ఆ క్షణానికి టెనర్ సి నుంచి బి కి దిగి మళ్లీ సి కి వస్తాడు, ఆల్టో జి నుంచి ఎఫ్ కి దిగి మళ్లీ జి కి వస్తుంది. ఇప్పుడు ఆ మధ్య క్షణాన్ని నిలువుగా కోసి చూడండి. కింద నుంచి పైకి డి, బి, ఎఫ్, డి ఉన్నాయి. అంటే బి-డి-ఎఫ్, బి డిమినిష్డ్, బేస్‌లో డి ఉన్న మొదటి ఇన్వర్షన్. ఇక్కడ ఒక డిమినిష్డ్ వేద్దాం అని ఎవరూ అనుకోలేదు. ఎవరి దారిన వాళ్లు నడుస్తుంటే అది తయారైంది. బాఖ్ కోరల్స్ తెరిస్తే ఈ మూడడుగుల నడక అడుగడుగునా కనిపిస్తుంది.

ఈ చిన్న నడకలోనే మీకు కావాల్సిన మూడు సంగతులున్నాయి. బేస్‌లో బి ఎందుకు లేదు? బి కి, దాని పైనున్న ఎఫ్ కి మధ్య ఆరు మెట్లు, అంటే ట్రైటోన్. పునాదిలోనే ఆ కుదురులేని దూరం పెడితే కార్డ్ మొత్తం ఊగుతుంది. బేస్‌లో డి ఉంటే దానికి ఎఫ్ తోనూ, బి తోనూ పొత్తు కుదురుతుంది, ట్రైటోన్ పైగొంతుల మధ్యకి జరిగి సర్దుకుంటుంది. మరి డి నే ఎందుకు ఇద్దరికి ఇచ్చాం? బి కి సి కి ఎక్కాల్సిన పని ఉంది, ఎఫ్ కి ఇ కి దిగాలన్న కోరిక ఉంది. ఏ బాధ్యతా లేనిది డి ఒక్కటే, అందుకే అది ఇద్దరి దగ్గర ఉన్నా ఇబ్బంది రాదు. మూడోది కాస్త సర్దుబాటు వ్యవహారం. ఎఫ్ ఇ కి దిగాలి గదా, నేను జి కి ఎక్కించాను. ఎందుకంటే బేస్ అప్పటికే ఇ కి చేరాడు. ఆల్టో కూడా ఇ కే పోతే ఆ కార్డ్‌లో జి అనేదే ఉండదు. ఇలా చేస్తే బి-ఎఫ్ అనే కుంటి ఫిఫ్త్ నుంచి సి-జి అనే పూర్తి ఫిఫ్త్‌కి వెళ్తాం. పైగొంతుల మధ్య, ఈ నడకలో, దాన్ని మన్నిస్తారు. బేస్‌కీ ఇంకో గొంతుకీ మధ్య అదే జరిగితే మన్నించరు. మీ మాస్టారు కొంచెం కఠినులైతే రెండు చోట్లా గీత పెట్టి ఉండొచ్చు.

ఇప్పుడు మీ సి షార్ప్ డిమినిష్డ్. పరీక్షలోనూ, వీడియోలోనూ మీరు చూసింది నాలుగు స్వరాల డిమినిష్డ్ సెవెన్త్ అనుకుంటాను. సి షార్ప్, ఇ, జి, బి ఫ్లాట్. దీన్ని నాలుగు గొంతులకి ఇలా పంచండి, కీబోర్డ్ మీద ఒక్కొక్క వరసా విడిగా వాయించి చూడండి:

బేస్: సి, సి షార్ప్, డి
టెనర్: జి, జి, ఎఫ్
ఆల్టో: సి, బి ఫ్లాట్, ఎ
సొప్రానో: ఇ, ఇ, ఎఫ్

ఎవరూ దూకలేదు. ఉన్నచోట ఉన్నారు, లేదా పక్కకి జరిగారు. ఇద్దరు కొత్త స్వరాలు తెచ్చారు. సి షార్ప్ కింద నుంచి డి ని వెతుక్కుంటూ వచ్చింది, బి ఫ్లాట్ పై నుంచి ఎ ని వెతుక్కుంటూ వచ్చింది. డి మైనర్‌లో ముఖ్యమైన రెండు స్వరాలు అవే. అంటే డి మైనర్ రాకముందే దాని రెండు గుమ్మాల దగ్గరా మనుషులు నిలబడి ఉన్నారు. ఇది డి మైనర్‌కే ఇంత గట్టిగా ఎందుకు లాగుతుందంటే, ఎ-సి షార్ప్-ఇ-జి, అంటే డి కి తీసుకుపోయే ఎ సెవెన్‌లో మూడు స్వరాలు ఇందులో అలాగే ఉన్నాయి. ఎ బదులు ఒక మెట్టు పైన బి ఫ్లాట్ ఉంది, అంతే. అందుకే దీన్ని డి మైనర్‌కి అరువు తెచ్చుకున్న లీడింగ్ నోట్ కార్డ్ అని కూడా అంటారు.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది, వీడియోల్లో ఎవరూ చెప్పరు. సి మేజర్ నుంచి డి మైనర్‌కి నేరుగా వెళ్లేటప్పుడు చెయ్యి మొత్తం పైకి జరిపితే సి-జి కాస్తా డి-ఎ అవుతుంది. పక్కపక్కనే రెండు పూర్తి ఫిఫ్త్‌లు, హార్మనీ పరీక్షలో అది పెద్ద నేరం. పైన రాసిన నడకలో బేస్‌కీ టెనర్‌కీ మధ్య సి-జి ముందు సి షార్ప్-జి గా కుంటుపడింది, తర్వాత డి-ఎఫ్ అనే థర్డ్‌కి సర్దుకుంది. ప్రమాదం తప్పింది. కానీ టెనర్ జి నుంచి ఎ కి ఎక్కేస్తే, మధ్యలో ఎంత అందమైన కార్డ్ పెట్టినా కఠినంగా చూసే వాళ్లు ఆ ఫిఫ్త్‌లని పట్టుకుంటారు. మధ్యలో కర్టెన్ వేసినంత మాత్రాన గోడ కాదు కదా.

సొప్రానో ఇ నుంచి ఎఫ్ కి ఎక్కడం గురించి ఒక మాట. ఇక్కడ బి ఫ్లాట్ కింద ఉంది, ఇ పైన ఉంది, కాబట్టి ఇ కావాలంటే డి కి దిగినా కొంప మునగదు. అదే ఇ కింద గొంతులో, బి ఫ్లాట్ పై గొంతులో ఉంటే జాగ్రత్త. అప్పుడు ఇ-బి ఫ్లాట్ కుంటి ఫిఫ్త్, రెండూ దిగితే డి-ఎ పూర్తి ఫిఫ్త్ అవుతుంది. అందుకే అలాంటి చోట ఇ ని ఎఫ్ కి ఎక్కించి, జి ని కూడా ఎఫ్ కే దించి, డి మైనర్‌లో ఎఫ్ ఇద్దరికి ఇస్తారు. మీ పుస్తకంలో ‘థర్డ్‌ని డబుల్ చేయండి’ అని ఉండే సూత్రం ఇదే. కారణం తెలియకుండా బట్టీ పడితే, అవసరం లేని చోట కూడా చేసి కూర్చుంటాం.

ఇక రాత సంగతి. బి ఫ్లాట్‌ని ఎ షార్ప్ అని రాస్తే ఏం పోయింది, కీ ఒకటే కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక క్రిస్మస్‌కి రాసిన పాటలో, సరిగ్గా ఈ కార్డ్‌లోనే, తొందరలో ఆల్టో వాళ్లకి ఎ షార్ప్ అని రాసిచ్చాను. రిహార్సల్‌లో ఆ బార్ వచ్చిన ప్రతిసారీ సగం మంది తర్వాతి స్వరం బి పాడుతున్నారు, కాగితం మీద ఎ ఉన్నా సరే. రెండు సాయంత్రాలు వాళ్లని విసుక్కున్నాక అర్థమైంది, తప్పు నాదే. షార్ప్ గుర్తు చూడగానే గొంతు పైకి పోవడానికి సిద్ధపడుతుంది, ఫ్లాట్ చూస్తే కిందికి. బి ఫ్లాట్ అని మార్చి రాశాను, మళ్లీ ఎవరూ తప్పు పాడలేదు.

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. షట్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం హార్మోనియం మీద ఒకే మెట్టు, పేర్లు మాత్రం వేరు. రాగంలో ఆ స్వరం రిషభం పని చేస్తోందా, గాంధారం పని చేస్తోందా అన్నదాన్ని బట్టి పేరు పెడతాం. హార్మనీలో ఆ స్వరం ఎటు పోతోంది అన్నదాన్ని బట్టి పెడతాం. సి మేజర్‌లో డి షార్ప్ అంటే ఇ కి పోయేది, ఇ ఫ్లాట్ అంటే డి కి వచ్చేది.

‘ఎక్కడ వేయాలి’ అన్నదానికి వస్తే, వీడియోల్లో చెప్పే సూత్రం పైకి ఎక్కేటప్పుడు చాలావరకు నిజమే. బేస్ రెండు మెట్ల దూరం ఎక్కుతుంటే మధ్య మెట్టు మీద డిమినిష్డ్ సెవెన్త్ పట్టవచ్చు. సి కీ డి మైనర్‌కీ మధ్య, ఎఫ్ కీ జి కీ మధ్య ఎఫ్ షార్ప్ మీద, జి కీ ఎ మైనర్‌కీ మధ్య జి షార్ప్ మీద. ప్రతిసారీ బేస్‌లో ఉన్నది వచ్చే కార్డ్‌కి లీడింగ్ నోట్ కాబట్టి దారి దానంతట అదే కనిపిస్తుంది. కిందికి దిగేటప్పుడు ఆ సౌకర్యం ఉండదు. ఇ బేస్‌గా ఉన్న సి మేజర్ నుంచి ఇ ఫ్లాట్ డిమినిష్డ్ మీదుగా డి మైనర్ సెవెన్త్‌కి దిగారనుకోండి. ఇ ఫ్లాట్, జి ఫ్లాట్ రెండూ ఒక్కో మెట్టు దిగి డి, ఎఫ్ అవుతాయి, ఎ, సి ఉన్నచోటే ఉంటాయి. ఇక్కడ డి ని కింద నుంచి పట్టుకునే సి షార్ప్ లేదు. చుట్టూ ఉన్న స్వరాలు నిలబడి ఉండటం వల్లే అది ఆగుతుంది. వినడానికి మెత్తగా ఉంటుంది, పందొమ్మిదో శతాబ్దపు సంగీతంలోనూ, మన సినిమా పాటల్లోనూ ఎక్కువ కనిపిస్తుంది. పరీక్షకి మాత్రం ఎక్కే రకమే రాయండి.

దిగే బేస్ మీద కూడా లీడింగ్ నోట్‌ని వదులుకోకుండా ఎలా చేయాలో బాఖ్ చూపించాడు. అది మీ దగ్గర ఉండే ఉంటుంది. వెల్ టెంపర్డ్ క్లేవియర్ మొదటి పుస్తకం, 1722, అందులో మొట్టమొదటి సి మేజర్ ప్రెలూడ్. మొదటి కొన్ని గ్రేడ్‌లు దాటిన ప్రతి పియానో విద్యార్థీ ఏదో ఒక రోజు వాయించేదే. 11వ బార్ నుంచి 15వ బార్ దాకా చూడండి. అందులో ప్రతి బార్‌లో ఐదు స్వరాలే ఉంటాయి, విడగొట్టి వాయిస్తారు. కలిపి పట్టుకుంటే ఇలా ఉంటాయి, కింద నుంచి పైకి:

11వ బార్: జి, బి, డి, జి, బి
12వ బార్: జి, బి ఫ్లాట్, ఇ, జి, సి షార్ప్
13వ బార్: ఎఫ్, ఎ, డి, ఎ, డి
14వ బార్: ఎఫ్, ఎ ఫ్లాట్, డి, ఎఫ్, బి
15వ బార్: ఇ, జి, సి, జి, సి

12వ బార్‌లో ఉన్నది మీ సి షార్ప్ డిమినిష్డ్ సెవెన్తే, కాకపోతే జి బేస్‌లో ఉంది. 14వ బార్‌లో బి డిమినిష్డ్ సెవెన్త్, ఎఫ్ బేస్‌లో. కింద నుంచి రెండో వరసని మాత్రమే నిలువుగా చదవండి. బి, బి ఫ్లాట్, ఎ, ఎ ఫ్లాట్, జి. ఒక్కో బార్‌కి ఒక్కో మెట్టు దిగుతూ ఐదు స్వరాలు. అది లోపల దాక్కున్న పాట. ఆ వరస ఒక్కటీ బిగ్గరగా పాడుతూ మిగతావి వాయించి చూడండి, ఆ ఐదు బార్లు అంత మెత్తగా ఎందుకు జారిపోతాయో అర్థమవుతుంది. బేస్ దానికంటే నెమ్మది. జి మీద రెండు బార్లు, ఎఫ్ మీద రెండు, తర్వాత ఇ.

ఈ రెండు వరసలూ దిగుతుంటే పై గొంతు మాత్రం ఎదురు దిశలో పని చేస్తోంది. 12లో సి షార్ప్, 13లో డి. 14లో బి, 15లో సి. లీడింగ్ నోట్ బేస్‌లో ఉండాల్సిన పని లేదు, పైకి పంపి బేస్‌ని దిగనిచ్చాడు. 12 నుంచి 13కి పోయేటప్పుడు బేస్‌లోని జి దిగి ఎఫ్ అయింది, పైనున్న సి షార్ప్ ఎక్కి డి అయింది. ట్రైటోన్ విచ్చుకుని సిక్స్త్ అయింది. బి ఫ్లాట్, ఇ కలిసి దిగి ఎ, డి అయ్యాయి. నేను ఇందాక భయపెట్టిన ఇ-బి ఫ్లాట్ జంటే ఇది. కానీ బి ఫ్లాట్ కింద ఉంది కాబట్టి ఫిఫ్త్ గొడవ లేదు, ఫోర్త్ నుంచి ఫోర్త్‌కే వెళ్లింది. ఇక 14, 15 బార్లు సరిగ్గా అదే పని రెండు మెట్లు కింద చేస్తాయి. మొదటి జంట డి మైనర్‌లో దింపింది, రెండో జంట సి మేజర్‌లో దింపింది. 11లో జి మేజర్‌లో స్థిరపడిన పాట నాలుగు బార్లలో ఇంటికి తిరిగొచ్చింది.

ఆ రెండు డిమినిష్డ్‌లనీ తీసేసి 11, 13, 15 మాత్రమే వరసగా వాయించి చూడండి. జి మేజర్, ఎఫ్ మీద డి మైనర్, ఇ మీద సి మేజర్. దారి తెగిపోలేదు. కొంచెం సాదాగా ఉంది గానీ అర్థమవుతూనే ఉంది. నా విద్యార్థులకి నేను చెప్పే పరీక్ష ఇదే. మధ్య కార్డ్‌ని తీసేస్తే అటూ ఇటూ ఉన్నవి చేయి కలుపుకోగలవా? కలుపుకుంటే అది పాసింగే. తీసేస్తే అటువైపు అర్థంలేకుండా మిగిలిపోతే, ఆ కార్డ్ దాటించే పనికంటే పెద్ద పని ఏదో చేస్తోందని, దానికి ఇంకో పేరు వెతకాలని లెక్క.

అదే ప్రెలూడ్‌లో కొంచెం ముందుకి వెళ్తే డిమినిష్డ్ బేస్‌లో చేసే గమ్మత్తు ఇంకోటి ఉంది. 21వ బార్‌లో బేస్ ఎఫ్. 22లో ఎఫ్ షార్ప్, దాని మీద డిమినిష్డ్ సెవెన్త్. ఎఫ్ షార్ప్ తర్వాత జి రావాలి, చెవి ఎదురు చూస్తుంది. బాఖ్ జి ఇవ్వకుండా దాని మీదుగా దూకి 23లో ఎ ఫ్లాట్ పెట్టాడు. ఆ తర్వాతే, 24లో, జి. కింద నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి తలుపు తట్టి అప్పుడు లోపలికి వచ్చినట్టు. ఎఫ్ షార్ప్ నుంచి ఎ ఫ్లాట్‌కి ఆ దూకుడు కొందరికి తప్పులా అనిపించింది. ష్వెంకే అనే సంగీతజ్ఞుడి పేరు మీద చెలామణీ అయిన ఒక ప్రతిలో ఆ రెండు బార్ల మధ్య జి బేస్‌తో ఒక బార్ అదనంగా ఇరికించారు. గూనో ఈ ప్రెలూడ్ మీద కట్టిన అవే మరియాలో ఆ అదనపు బార్ ఉంది. రెండూ పక్కపక్కన వాయిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇరికించిన బార్ దగ్గర జి ముందే వచ్చేస్తుంది, 24వ బార్‌లో రావాల్సిన జి కి ఇక పెద్ద పని మిగలదు. మీ నోట్స్‌లో 22 తర్వాత జి బేస్ ఉన్న బార్ కనిపిస్తే, అది బాఖ్ రాసింది కాదని తెలుసుకోండి.

ఇప్పుడు మీ దెయ్యం సంగతి. ఆగ్మెంటెడ్ ట్రయాడ్‌లో స్వరాల మధ్య నాలుగేసి మెట్లు. సి, ఇ, జి షార్ప్, మళ్లీ సి. అష్టకం మూడు సమాన ముక్కలు. డిమినిష్డ్ సెవెన్త్ కూడా మూడేసి మెట్లతో నాలుగు సమాన ముక్కలే. ఇలా సమానంగా పంచితే ఇల్లు ఎక్కడో చెవికి తెలియదు. అయితే డిమినిష్డ్‌లో ట్రైటోన్‌లు ఉన్నాయి, వాటికి పోవాలన్న ఆరాటం ఉంది. ఆగ్మెంటెడ్‌లో ఆ ఆరాటం కూడా ఉండదు. ఏ ఒక్క స్వరాన్ని ఒక మెట్టు కదిపినా ఏదో ఒక మామూలు కార్డ్ వచ్చేస్తుంది. జి షార్ప్‌ని దించితే సి మేజర్, ఎక్కిస్తే ఎ మైనర్. సి ని దించితే ఇ మేజర్, ఎక్కిస్తే సి షార్ప్ మైనర్. ఇ ని దించితే ఎ ఫ్లాట్ మేజర్, ఎక్కిస్తే ఎఫ్ మైనర్. ఆరు దారులు ఒకేసారి తెరిచి ఉన్నాయి. అందులో దేన్నీ చూపించకుండా ఒక్కసారిగా మూడు స్వరాలూ నొక్కి పట్టుకుంటే దెయ్యం కాక ఏం వినిపిస్తుంది!

క్లాసికల్ కాలంలో దాన్ని అలా ఎవరూ ఒంటరిగా వదిలిపెట్టరు. ముందు సి మేజర్ ఉంటుంది. ఒక గొంతు జి లో ఉంటుంది. ఆ గొంతు ఎఫ్ మేజర్‌లోని ఎ కి చేరాలి, రెండు మెట్ల దూరం. మధ్య మెట్టు మీద, బలం లేని బీట్‌లో, కాసేపు అడుగుపెడుతుంది:

బేస్: సి, సి, ఎఫ్
టెనర్: సి, సి, సి
ఆల్టో: ఇ, ఇ, ఎఫ్
సొప్రానో: జి, జి షార్ప్, ఎ

మధ్యలో కదిలింది సొప్రానో ఒక్కతే. అందుకే చాలామంది మాస్టర్లు దీన్ని కార్డ్‌గా లెక్కపెట్టరు, సి మేజర్ మీద ఒక పాసింగ్ నోట్ అని రాసేస్తారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది. తప్పులు కూడా దాన్నుంచే పుడతాయి. జి షార్ప్‌ని ఇంకో గొంతులో కూడా పెట్టడం ఒకటి. ముందు జి లేకుండా, దూకి జి షార్ప్ మీద పడటం ఒకటి. అది ఎక్కాక ఎ లేని కార్డ్‌కి, ఉదాహరణకి మళ్లీ జి మేజర్‌కి, వెళ్లిపోవడం ఇంకోటి. మీది వీటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. జి, జి షార్ప్, ఎ అని ఆ గొంతు ఒక్కదాన్నే పాడుకుంటూ వాయించండి, దెయ్యం పోతుంది.

ఇదే పని జి మేజర్ మీద కూడా చేస్తారు. డి నుంచి డి షార్ప్ మీదుగా ఇ కి. జి-బి-డి షార్ప్ అయి సి మేజర్‌లో దిగుతుంది. దీనికి ఒక హద్దు ఉంది. మీరు పోయేది సి మైనర్‌కి అయితే ఇది పనికిరాదు. సి మైనర్‌లో ఉన్నది ఇ ఫ్లాట్, కీబోర్డ్ మీద డి షార్ప్ అదే మెట్టు. గమ్యం ముందే చేరిపోయాక దాటడానికి దారి ఏముంటుంది?

మైనర్ పాటల్లో ఇంకో రకం ఆగ్మెంటెడ్ కనిపిస్తుంది, దాన్ని పాసింగ్ అనకండి. ఎ మైనర్‌లో ఇ-జి షార్ప్-బి రావాల్సిన చోట, బలమైన బీట్ మీద, బి బదులు సి వినిపిస్తుంది. తర్వాతి బీట్‌లో అది బి కి దిగుతుంది. సి, ఇ, జి షార్ప్ అని లెక్కపెట్టి ఆగ్మెంటెడ్ అంటాం, కానీ అక్కడ సి చేసే పని బి మీద వాలడం. బీట్ చూస్తే తేలిపోతుంది. బలహీనమైన బీట్‌లో వచ్చి ముందుకి పోతే దాటేది, బలమైన బీట్ మీద వచ్చి తర్వాత సర్దుకుంటే వాలేది. డిమినిష్డ్‌లకి కూడా ఈ తేడా వర్తిస్తుంది.

దాటడం పూర్తిగా మానేసిన ఆగ్మెంటెడ్ ఎలా ఉంటుందో వినాలంటే లిస్ట్ అనే స్వరకర్త రాసిన ఫౌస్ట్ సింఫనీ మొదటి నిమిషం వినండి. 1857లో వైమర్‌లో మొదటిసారి వాయించారు. మొదలవుతూనే నాలుగు ఆగ్మెంటెడ్ ట్రయాడ్‌లు ఒక దాని వెనక ఒకటి విడగొట్టి, ఒక్కో మెట్టు దిగుతూ వస్తాయి. వేర్వేరు ఆగ్మెంటెడ్‌లు ఉన్నవే నాలుగు, నాలుగింటినీ కలిపితే పన్నెండు స్వరాలూ వచ్చేస్తాయి. ఏ ఇంటికీ చెందకుండా తిరిగే మనిషి కోసం అది కావాలనే చేశాడు. మీకు వినిపించిన దెయ్యం నిజానికి మంచి చెవే పట్టుకుంది, కాకపోతే పరీక్ష కాగితంలో ఫౌస్ట్ అడగరు.

మాస్టారి ఎర్ర గీతలున్న పేజీ ఫోటో ఇక్కడ పెట్టండి. ముందు మాత్రం నాలుగు వరసల్నీ విడివిడిగా ఒకసారి పాడి చూడండి, ఎక్కడ గొంతు తడబడుతుందో సగం గీతలు అక్కడే ఉంటాయి.